స్వామివారి పక్కన అమ్మవార్లు ఏరి? ఒకే షాట్‌ని అడ్డంగా, నిలువుగా, చతురస్రంగా వాడాలంటే ఎంత చోటు వదలాలి



పోయిన ఏడాది మామిడిపళ్ల రోజుల్లో నూజివీడు దగ్గర ఒక చిన్న ఊళ్లో వేంకటేశ్వరస్వామి గ్రామోత్సవం షూట్ చేశాం. పెద్ద వీడియో బాగానే వచ్చింది. దాంట్లోంచే ఒక ముక్క తీసి, నిలువుగా షార్ట్ చేసి, వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టాను. సాయంత్రానికల్లా అమ్మమ్మ ఫోన్.

"ఒరేయ్, స్వామి ఒక్కడే ఊరేగాడేంట్రా? అమ్మవార్లిద్దర్నీ గుళ్లోనే వదిలేసి వచ్చారా?"

నవ్వొచ్చింది కానీ, షార్ట్ తీసి మళ్లీ చూస్తే నవ్వు ఆగిపోయింది. శ్రీదేవి అమ్మవారి చెయ్యి సగం కనిపిస్తోంది. భూదేవి అమ్మవారు అసలు లేరు. గొడుగు పైభాగం తెగిపోయింది. పాదాలు ఉండాల్సిన చోట మన ఛానల్ పేరు, టైటిల్ వచ్చి కూర్చున్నాయి. అసలు వీడియోలో ఇవన్నీ ఉన్నాయి. అడ్డంగా ఉన్నదాన్ని నిలువుగా కోసేటప్పుడు పోయాయి. ఎడిటింగ్‌లో అటూ ఇటూ జరిపి చూశాను. ఒక అమ్మవారిని తెస్తే ఇంకో అమ్మవారు పోతారు. అంటే తప్పు ఎడిటింగ్‌లో లేదు, షూట్ చేసినప్పుడు నేను నిలబడిన చోట ఉంది. బాగా దగ్గరికి వెళ్లి తీసేశాను.

ఈ ఏడాది అదే ఊరికి లెక్క వేసుకుని వెళ్లాం. ఆ లెక్కే ఈ పాఠం.

నిలువుగా కోస్తే మిగిలేది మూడో వంతు కన్నా తక్కువ

మనం తీసే అడ్డం వీడియో 16:9. 4కె అయితే 3840 పిక్సెళ్ల వెడల్పు, 2160 పిక్సెళ్ల ఎత్తు. దీన్ని ఎత్తు తగ్గించకుండా 9:16 నిలువు వీడియోగా కోస్తే, వెడల్పు 1215 పిక్సెళ్లే మిగులుతుంది. అంటే నూటికి 32 కూడా లేదు. చతురస్రంగా కోస్తే నూటికి 56 వంతులు, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల్లో వాడే 4:5కి కోస్తే సరిగ్గా 45 వంతులు మిగులుతాయి.

ఈ అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఫోన్‌లోనే ఉన్నాయి. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ ఆన్ చేయండి. తెర మీద రెండు నిలువు గీతలు, రెండు అడ్డ గీతలు వస్తాయి. ఆ రెండు నిలువు గీతల మధ్య ఉన్న పట్టీ ఫ్రేమ్‌లో మూడో వంతు, అంటే నూటికి 33. మన నిలువు వీడియోకి మిగిలేది దాదాపు అంతే. కాబట్టి షూట్ చేస్తున్నప్పుడు ఆ మధ్య పట్టీలో ఏముందో అదే రేపు షార్ట్‌లో ఉంటుంది. గీతకి తగులుతున్నది కూడా తెగిపోతుందనే అనుకోండి. చతురస్రానికి ఆ పట్టీకి రెండు పక్కలా, పక్క గడిలో ఇంకో మూడో వంతు దాకా కలుస్తుంది.

పోయిన ఏడాది నా షాట్‌లో స్వామి మధ్య పట్టీలో ఉన్నారు, అమ్మవార్లిద్దరూ పక్క పట్టీల్లో ఉన్నారు. గ్రిడ్ ఆన్‌లో ఉంటే అక్కడికక్కడే తెలిసిపోయేది.

ముందు తేల్చుకోవాల్సింది: ఏది తెగకూడదు?

మామూలు వీడియో పాఠాల్లో 'మొహం ఫ్రేమ్‌లో ఉంచండి' అంటారు. మాట్లాడే మనిషికి అది సరిపోతుంది. ఉత్సవమూర్తికి సరిపోదు. దండం పెట్టుకునేవాళ్లు ముందు పాదాలు చూస్తారు. తర్వాత వరదహస్తం, శంఖచక్రాలు, కిరీటం. స్వామికి కుడివైపు శ్రీదేవి, ఎడమవైపు భూదేవి. మనం ఎదురుగా నిలబడతాం కాబట్టి మనకి శ్రీదేవి ఎడమపక్క, భూదేవి కుడిపక్క కనిపిస్తారు. పైన గొడుగు, వెనక మకరతోరణం. ఇవన్నీ కలిపితేనే దర్శనం.

అందుకని షూట్‌కి ముందు మనసులో ఒక పెట్టె గీసుకుంటాం. కింద పీఠం అంచు, పైన గొడుగు అంచు, ఎడమన శ్రీదేవి అమ్మవారి పూలదండ అంచు, కుడిన భూదేవి అమ్మవారి పూలదండ అంచు. ఈ పెట్టెలో ఏదీ ఏ క్రాప్‌లోనూ తెగకూడదు. పెట్టె బయట ఉన్నది ఏదైనా పోవచ్చు.

పెట్టెని అలంకారం పూర్తయ్యాకే కొలవాలి. పొద్దున విగ్రహాలు చూసి వేసుకున్న అంచనా, సాయంత్రం దండలు వేసి గొడుగు పట్టాక పనికిరాదు. వెడల్పూ ఎత్తూ రెండూ పెరుగుతాయి.

ఈ ఏడాది వేసిన లెక్క

ఊరేగింపులో స్వామివారిని ఒక మామిడితోటలో కాసేపు వేంచేపు చేయిస్తారు. కొబ్బరాకుల పందిరి, మామిడాకుల తోరణాలు, రెండున్నర అడుగుల ఎత్తు బల్ల, దాని మీద పల్లకి. ముందు గంపల్లో చిన్న రసాలు, బంగినపల్లి. తొలి కోత పళ్లు స్వామికి చూపించాకే రైతు ఇంటికి తీసుకెళ్తాడు. మా షాట్ అక్కడ.

అలంకారం అయ్యాక కంటితోనే అంచనా వేశాం. పెట్టె వెడల్పు 4 అడుగులు, ఎత్తు 5 అడుగులు. నిలువు వీడియోలో 4 అడుగుల పెట్టె ఊపిరాడేలా కూర్చోవాలంటే రెండు పక్కలా కలిపి ఇంకో అడుగు కావాలి. అంటే నిలువు పట్టీ వెడల్పు 5 అడుగులు. దానికి ఎత్తు ఎంత? 9:16 కాబట్టి దాదాపు 9 అడుగులు. ఆ 9 అడుగుల ఎత్తు మొత్తం అడ్డం ఫ్రేమ్‌లోనూ ఉండాలి కాబట్టి, అడ్డం ఫ్రేమ్ 16 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు పట్టాలి.

సూత్రంగా చెప్పాలంటే: పెట్టె వెడల్పుకి నాలుగో వంతు కలపండి, దాన్ని మూడుంపావుతో గుణించండి. అడ్డం ఫ్రేమ్‌లో కనీసం అంత వెడల్పు కనపడాలి. 4 అడుగులకి 5, ఐదుని మూడుంపావు పెట్టి గుణిస్తే 16 అడుగుల పైచిలుకు.

ఎంత దూరంలో నిలబడాలి? ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గోడకి సరిగ్గా 10 అడుగుల దూరంలో నిలబడి, ఫొటో మోడ్ కాకుండా వీడియో మోడ్‌లో పెట్టి, తెర మీద ఎన్ని అడుగుల గోడ కనిపిస్తుందో టేపుతో కొలవండి. వీడియోలో చెయ్యి వణుకు తగ్గించడానికి ఫోన్ అంచుల్ని కొంత వాడేసుకుంటుంది, అందుకే ఫొటో మోడ్ కొలత పనికిరాదు. నా ఫోన్ మామూలు లెన్స్‌లో పన్నెండున్నర అడుగులు వచ్చింది. దూరానికి ఒకటింపావు రెట్లు అన్నమాట. 16 అడుగులు కావాలంటే 13 అడుగుల దూరం. పోయిన ఏడాది నేను నిలబడింది ఏడెనిమిది అడుగుల్లో.

"ఇంత దూరం నుంచి తీస్తే స్వామి చిన్నగా కనపడరా?"

మా టీమ్‌లో తమ్ముడు అడిగిన ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్న. 16 అడుగుల ఫ్రేమ్‌లో 4 అడుగుల పెట్టె అంటే పావు వంతే. అడ్డం వీడియోలో అలాగే వదిలేస్తే పందిరే ఎక్కువ కనిపిస్తుంది.

ఇక్కడే 4కె పనికొస్తుంది. 3840 పిక్సెళ్లని 16 అడుగులకి పంచితే అడుగుకి 240 పిక్సెళ్లు. మన అడ్డం వీడియో చివరికి పెట్టేది 1920 × 1080లో. కాబట్టి ఎడిటింగ్‌లో ఒకటిన్నర రెట్ల పైన, 1.6 దాకా దగ్గరికి లాగాం. అప్పుడు 10 అడుగుల వెడల్పు, ఐదున్నర అడుగుల ఎత్తు మిగిలింది. 5 అడుగుల పెట్టె నిండుగా కూర్చుంది. పిక్సెళ్లు 2400 × 1350, అంటే కావాల్సినదానికన్నా ఎక్కువే. అదే షాట్ నుంచి నిలువుది 1215 × 2160, దానికి కావాల్సింది 1080 × 1920. చతురస్రానికి 6 అడుగుల ముక్క తీస్తే 1440 పిక్సెళ్లు, కావాల్సింది 1080. మూడింటిలోనూ అమ్మవార్లు ఉన్నారు, మూడూ స్పష్టంగా ఉన్నాయి.

ఇదే షాట్ 1080పీలో తీసుంటే అడుగుకి 120 పిక్సెళ్లే. నిలువు పట్టీలో 607 పిక్సెళ్లు ఉంటాయి, వాటిని 1080కి సాగదీయాలి. స్వామివారి తిరునామం అంచులు మసకబారతాయి, దండలో పూలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చోటు వదిలి తీయాలంటే 4కె తప్పనిసరి అనేది అందుకే. షూట్ చేసేటప్పుడు వేళ్లతో జూమ్ కూడా చేయొద్దు. చాలా ఫోన్లలో ఆ జూమ్ అంటే అక్కడికక్కడే కోసేయడమే. ఒకసారి కోసినదాన్ని మళ్లీ కోస్తే ఏం మిగులుతుంది?

వదిలిన చోటులో ఏముంది?

చోటు వదిలితే పని అయిపోయిందనుకోకండి. ఆ చోటు కూడా తెర మీద కనిపిస్తుంది. అడ్డం వీడియోలో దగ్గరికి లాగేశాం కాబట్టి కింద రెండు అడుగులు కనపడవు. నిలువు వీడియోలో నేల దాకా కనిపిస్తుంది. మేం మొదటి టేక్ చూసుకుంటే పల్లకి ముందు ఎవరివో చెప్పులు! అడ్డం వీడియోకి అవి లేనట్టే. షార్ట్‌లో మాత్రం సరిగ్గా స్వామివారి పాదాల కిందే.

అందుకే ఇప్పుడు రికార్డ్ నొక్కేముందు నాలుగు అంచులూ ఒకసారి చూస్తాం. కింద చెప్పులు, నీళ్ల సీసాలు. పైన కరెంటు వైర్లు, ట్యూబ్‌లైట్. పక్కన ఫ్లెక్సీ బ్యానర్. తీసేయగలిగినవి నిర్వాహకుల్ని అడిగి తీయిస్తాం. తీయలేకపోతే ఒక అడుగు పక్కకి జరుగుతాం.

కింది చోటుకి ఇంకో పని కూడా ఉంది. షార్ట్స్‌లో, రీల్స్‌లో కింద టైటిల్, ఛానల్ పేరు వస్తాయి, కుడిపక్క లైక్, కామెంట్ బటన్లు వస్తాయి. మేం కింద పావు వంతుని, కుడిపక్క ఏడో వంతుని వాటికే వదిలేస్తాం. 9 అడుగుల పట్టీలో కింద పావు అంటే రెండుంపావు అడుగులు. అక్కడ మామిడిపళ్ల గంపలు, బల్ల మీద వేసిన పట్టుగుడ్డ వచ్చాయి. టైటిల్ వాటి మీద పడింది, పాదాల మీద పడలేదు. పైన మిగిలిన అడుగున్నర పైచిలుకులో మామిడాకుల తోరణం వచ్చింది. కుడిపక్క విషయంలో జాగ్రత్త, మనకి కుడిన ఉండేది భూదేవి అమ్మవారు. పట్టీని ఎడిటింగ్‌లో కొంచెం కుడికి జరిపితే, పెట్టె ఎడమవైపుకి వెళ్లి, బటన్లు ఖాళీ చోటులో పడతాయి. రెండు పక్కలా కలిపి అడుగు ఎక్కువ వేసుకున్నది ఇందుకే.

ఫోన్ ఎత్తు కూడా ఈ లెక్కలోదే. 9 అడుగుల ఫ్రేమ్ నేల దగ్గర నుంచి మొదలవ్వాలంటే దాని మధ్యభాగం దాదాపు నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే ఛాతీ ఎత్తు. ట్రైపాడ్ అంతే ఎత్తులో, ఫోన్ పైకీ కిందకీ వంచకుండా పెట్టాం. వంచితే పందిరి గుంజలు లోపలికో బయటికో వాలినట్టు కనిపిస్తాయి, నిలువు పట్టీలో అది ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

చోటు వదిలినా కుదరని షాట్లు

అన్నిటికీ ఇదే మందు కాదు. హారతి చూడండి. అర్చకులు స్వామికి ఒక పక్కగా నిలబడి హారతి ఇస్తారు. ఆయన్నీ కలుపుకుంటే పెట్టె వెడల్పు 4 అడుగులు కాదు, 7 అడుగులు. మన సూత్రం ప్రకారం 28 అడుగుల పైన ఫ్రేమ్ పట్టాలి, 22, 23 అడుగుల దూరం వెళ్లాలి. ఆ తోటలో అంత దూరం వెళ్తే మధ్యలో జనం, మామిడి కొమ్మలు. పైగా సాయంత్రం వెలుతురు. చీకట్లో తీసిన వీడియోలో గింజలు గింజలుగా వచ్చే మచ్చలు, దగ్గరికి లాగేకొద్దీ పెద్దవవుతాయి. రాత్రి షాట్‌ని పట్టపగలు షాట్‌లా కోయలేం.

అలాంటప్పుడు దూరం పెంచకుండా నిలబడే చోటు మార్చాలి. పక్కపక్కన ఉన్నవి పైనాకిందా వచ్చేలా చూసుకోవాలి. అర్చకుల అనుమతి అడిగి, ఆయన వెనక భుజం పక్కగా, ఎవరికీ అడ్డు రాకుండా నిలబడితే, ముందు కింద హారతి పళ్లెం, వెనక పైన స్వామి. ఇద్దరి మధ్య ఉన్న మూడు అడుగుల ఎడం లోతులోకి వెళ్లిపోయింది. అదంతా మధ్య పట్టీలోనే పట్టేసింది.

తోటలో కోత షాట్‌కీ ఇదే చేశాం. పొడుగాటి గెడకి చిక్కం కట్టి, కాయ కింద పడకుండా కోస్తారు. గెడ ఏటవాలుగా ఉంటుంది, కింద మనిషి ఒక మూల, పైన కాయ ఇంకో మూల. నిలువుగా కోస్తే మనిషైనా పోతాడు, కాయైనా పోతుంది. "బాబాయ్, మీరు అలాగే కోయండి, మేమే ఇటు వస్తాం" అని చెప్పి, గెడ వాలిన దిక్కుకి ఎదురుగా వెళ్లి నిలబడ్డాం. అక్కడి నుంచి చూస్తే గెడ నిటారుగా కనిపిస్తుంది. కింద బాబాయ్, పైన చిక్కంలో కాయ, ఒకే పట్టీలో.

ఇక కొన్ని షాట్లు రెండుసార్లు తీయడమే మేలు. దారిలో ఆగిరిపల్లి దగ్గర ఆగి శోభనాచలం కొండ తీశాం. కొండ అంటే వెడల్పు. దాన్ని మూడో వంతుకి కోస్తే కొండలా ఉండదు. అందుకని కొండ మొత్తం అడ్డంగా ఒకసారి తీశాం, ఫోన్ నిలువుగా తిప్పి పైకెళ్లే మెట్లు మరోసారి తీశాం. కదలకుండా ఉండేవాటికి ఇంకో అర నిమిషం పెట్టొచ్చు. హారతి, పల్లకి లేపే క్షణం మళ్లీ రావు. చోటు వదిలి తీయడం ముఖ్యంగా వాటి కోసమే.

పల్లకి కదులుతున్నప్పుడు ఇంకో చిక్కు ఉంది. స్వామి మధ్య పట్టీ దాటి పక్కకి వెళ్తే, ఎడిటింగ్‌లో పట్టీని కూడా వెంట నడిపించాలి. కొంచెం అయితే ఫర్వాలేదు. ఎక్కువైతే వెనకున్న చెట్లు జారుతున్నట్టు, చూసేవాళ్లకి కళ్లు తిరిగినట్టు ఉంటుంది. పల్లకి మన పక్కనుంచి దాటేలా కాకుండా మనవైపు వచ్చేలా నిలబడితే, స్వామి మధ్యలోనే ఉంటారు. కాకపోతే దగ్గరికి వచ్చేకొద్దీ పెట్టె పెద్దదవుతుంది. అమ్మవార్ల దండలు గ్రిడ్ గీతలు తాకాయంటే ఆ షాట్ నిలువుకి అక్కడితో అయిపోయిందని అర్థం. అక్కడ ఆపేయండి, లేదా వెనక్కి నడవండి. వెనక నడిపించడానికి ఒక మనిషి భుజం పట్టుకుని ఉండాలి సుమా.

ఇది కొత్త గొడవేం కాదు

మన సినిమాలకీ ఈ తిప్పలు ఉండేవి. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. అంత వెడల్పు బొమ్మని పాతకాలం 4:3 టీవీ తెర నిండా చూపించాలంటే, వెడల్పులో సగానికి కొంచెం ఎక్కువే మిగులుతుంది. రెండు చివర్లా ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటే, ఒకరే కనపడతారు. లేదంటే పైనా కిందా నల్ల పట్టీలు పెట్టాలి. థియేటర్‌కి తీస్తూనే టీవీ ఫ్రేమ్‌ని కూడా దృష్టిలో పెట్టుకుని, అందులోకి మైకులు, లైట్లు రాకుండా కాపాడుకునే పద్ధతి హాలీవుడ్ కెమెరామెన్‌లకి అలా అలవాటైంది. మనం చెప్పులు పక్కకి జరిపించడం కూడా అదే పని.

ఈ వారం సాధన

ఇంట్లో పూజామందిరం ముందు చేసి చూడండి. దీపం వెలిగించి, పటాలకి పూలు పెట్టాక, తెగకూడని పెట్టె ఏదో తేల్చుకోండి. గ్రిడ్ ఆన్ చేసి, 4కె పెట్టి, ఆ పెట్టె మొత్తం మధ్య పట్టీలోకి వచ్చేదాకా వెనక్కి జరగండి. పది సెకన్లు తీయండి. ఎడిటింగ్ యాప్‌లో దాన్నే 16:9, 1:1, 9:16గా మూడుసార్లు చేయండి. నిలువుదాన్ని ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేసి ఫోన్‌లోనే చూడండి, టైటిల్, బటన్లు దేని మీద పడుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. చిన్న గది అయి వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తే, అది నిలువుగా విడిగా తీయాల్సిన షాట్ అని తేలిపోయినట్టే.

ఈ ఏడాది షార్ట్ కూడా అమ్మమ్మకే ముందు పంపాను. కాసేపటికి ఫోన్ చేసి, "ముగ్గురూ వచ్చారురా. గంపలో ఉన్నవి రసాలేనా?" అంది. గంపలు పెట్టెలో లేవు, వదిలిన చోటులో ఉన్నాయి.

మీరు తీసినప్పుడు ఏది తెగిపోయిందో కామెంట్‌లో చెప్పండి, వచ్చే పాఠంలో ఆ షాటే తీసుకుందాం.

శుభం.